అత్తవారికి క్షమాపణ: ఏం రాయాలి, ఏం రాయకూడదు

గృహప్రవేశం హడావిడిలో ఆడపడుచుకు బట్టలు పెట్టకుండానే కోడలు అందరినీ భోజనాలకు లేపింది. కావాలనే చేసిందని అత్తవారు నొచ్చుకున్నారు. అప్పుడు ఇలా రాస్తే చాలు:

"అత్తయ్యగారూ, నిన్న వదినగారికి బట్టలు పెట్టకుండానే భోజనాలకు పిలిచాను. అప్పటికే పెట్టేశారనుకున్నాను. అడిగి తెలుసుకోవాల్సింది, పొరపాటు నాదే. నలుగురిలో తనకు చిన్నతనమైంది, క్షమించండి. వదినగారితోనూ మాట్లాడతాను. ఆదివారం మేమిద్దరం వచ్చి బొట్టు పెట్టి బట్టలు పెడతాం. మీకు వీలవుతుందా?"

ఇందులో జరిగిన పని పేరుపెట్టి చెప్పడం ఉంది. కారణం ఒక్క వాక్యమే. ఎదుటివారికి కలిగిన చిన్నతనాన్ని గుర్తించడం, దిద్దుకునే మార్గం చూపడం ఉన్నాయి. "మీరు బాధపడి ఉంటే" అని రాస్తే తప్పు జరిగిందో లేదో అన్న అనుమానం మిగులుతుంది. "కానీ మీరూ..." అంటే క్షమాపణ కాస్తా వాదన అవుతుంది. "నేను ఎందుకూ పనికిరాను" అంటే వాళ్లే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది.

దీన్ని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అత్తగారికి విడిగా పంపండి. వెంటనే జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ రాయకండి. చెప్పిన ఆదివారం మాత్రం తప్పకుండా వెళ్లండి.