పరుపు ఆరడానికి గదిలో చోటుందా?

ముసురు పట్టిన రోజుల్లో వంటింట్లో ఉప్పు జాడీ మూత తీస్తే ఉప్పు చెమ్మగిల్లి ముద్దకట్టి ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. పరుపు మీది చెమట మరకలోనూ జరిగేది ఇదే. చెమటలో నీరు ఆవిరైపోతుంది గానీ ఉప్పు, యూరియా, లాక్టేట్ లవణాలు గుడ్డలోనే ఉండిపోతాయి. గాలి చెమ్మగిల్లినప్పుడల్లా ఆ చోటు మళ్లీ తడిదేరుతుంది. ఆ తడిలో బాక్టీరియా పెరిగి, చెమటలోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఐసోవలెరిక్ ఆమ్లంగా మారుస్తుంది. విప్పి పడేసిన సాక్సుల కంపుకు మూలం ఆ ఆమ్లమే. ఏప్రిల్‌లో లేని వాసన ఆగస్టులో పరుపులోంచి లేచి రావడానికి కారణం ఇది.

పసుపు మరక సంగతి వేరు. అది చర్మం నుంచి దిగిన జిడ్డు, గాలి తగిలి ఆక్సీకరణ చెంది రంగు మారింది. కాబట్టి ఉప్పును నీళ్లతో, మరకను పెరాక్సైడ్‌తో, పుల్లటి వాసనను తినే సోడాతో వదిలించాలి.

ముందు పాత బనీను గుడ్డను తడిపి గట్టిగా పిండి, మరక మీద అద్దాలి. రుద్దకూడదు, రుద్దితే మురికి లోపలికి దిగుతుంది. గుడ్డను కడిగి పిండుతూ నాలుగైదు సార్లు అద్దితే ఉప్పు చాలావరకు పైకి వచ్చేస్తుంది. తర్వాత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 100 మిల్లీలీటర్లు ఒక గిన్నెలో పోసి, చెంచాడు తినే సోడా, రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం కలపాలి. మందుల షాపులో దొరికే సీసా తరచూ 6 శాతం ఉంటుంది, అప్పుడు సమానంగా నీళ్లు చేర్చాలి. కలిపినదాన్ని మూతబిగించి దాచకూడదు, ఆక్సిజన్ పుట్టి సీసా పగలవచ్చు. రంగు గుడ్డయితే ముందు ఒక మూల పరీక్షించుకోవాలి. చేతి తొడుగులు వేసుకుని, మరక మీద పల్చగా అద్ది అరగంట ఉంచి, పిండిన తడిగుడ్డతో మళ్లీ తుడవాలి. పరుపు ఆరాక తినే సోడా చల్లి రాత్రంతా ఉంచితే, అది ఆమ్లాన్ని వాసన లేని లవణంగా మార్చేస్తుంది. పొద్దున్నే వాక్యూమ్‌తో లాగేయాలి. సోడాలో వెనిగర్ కలపడం చాలామందికి అలవాటు. నురగ చూడముచ్చటగానే ఉంటుంది గానీ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి.

అసలు చిక్కు ఆరబెట్టడంలో ఉంది. కాకినాడలో ఒక ఆగస్టు సాయంత్రం అనుకుందాం. 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ. ఆ వేడికి ఘనమీటరు గాలి పట్టగల నీటి ఆవిరి దాదాపు 30 గ్రాములు, అందులో 26 గ్రాములు అప్పటికే నిండి ఉంది. మిగిలిన చోటు నాలుగున్నర గ్రాములే. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న గదిలో 34 ఘనమీటర్ల గాలి ఉంటుంది. అంటే గది మొత్తం కలిసి 150 గ్రాములకు మించి తాగలేదు. మీరు స్ప్రే బాటిల్‌తో 200 మిల్లీలీటర్లు కొట్టి, తలుపులు మూసి ఫ్యాన్ వేస్తే, తెల్లవార్లూ తిరిగినా ఆ పరుపు ఆరదు. ఫ్యాన్ గాలిని కదిలిస్తుంది, నీటిని బయటికి పంపదు.

ఏసీ పంపుతుంది. చల్లని కాయిల్ మీద ఆవిరి నీరై గొట్టం గుండా బయటికి కారిపోతుంది. ఏసీ ఉంటే కిటికీలు మూసి డ్రై మోడ్‌లో పెట్టి, పరుపును గోడకు జానెడు ఎడంగా నిలబెట్టి, టేబుల్ ఫ్యాన్ గాలి పరుపు పక్కగా ఒరుసుకుపోయేలా తిప్పాలి. ఏసీ లేకపోతే మధ్యాహ్నాన్ని వాడుకోవాలి. గాలిలో నీరు అంతే ఉన్నా, వేడి 30 నుంచి 33 డిగ్రీలకు పెరిగితే చోటు రెట్టింపు పైనే అవుతుంది. పదకొండు నుంచి నాలుగు దాకా ఎదురెదురు కిటికీలు తీసి ఫ్యాన్ పెట్టి, చీకటి పడకముందే మూసేయాలి. బూరుగు దూది పరుపును ఎండలో వేయవచ్చు. ఫోమ్, లేటెక్స్ పరుపులను మాత్రం నేరుగా ఎండలో పెట్టకూడదు, ఫోమ్ పచ్చబడుతుంది, లేటెక్స్ పెళుసెక్కుతుంది.

ఆరిందో లేదో చేత్తో నొక్కి చూస్తే పైపొర సంగతే తెలుస్తుంది. అడుగు చదరపు పాలిథిన్ ముక్కను మరక ఉన్న చోట పరిచి, నాలుగు అంచులూ టేపుతో అతికించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి దాని కింద మంచులా పట్టి ఉంటే, లోపల ఇంకా తడి ఉన్నట్టే. అలాంటప్పుడు దుప్పటి వేయకండి. ఒకటి రెండు రోజులు తడి ఆగితే చాలు, బూజుకు నారు పోసినట్టే. పొడి పాలిథిన్ వచ్చాకే గలీబు తొడగాలి. ఫోమ్ లోపలికి నల్లచుక్కలు పాకితే ఈ ద్రావణం అందదు, ఆ పరుపును మార్చడమే.