పది రోజుల్లో ముగిసిన విచారణ

ఎల్‌ఎల్‌బీ కార్మిక చట్టాల పేపరులో ఒక కథ చెప్పి, చివర మూడు ప్రశ్నలు అడిగే పద్ధతి ఉంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టాన్ని, అందరూ పోష్ చట్టం అంటున్న దాన్ని, అర్థం చేసుకోవడానికి ఆ పద్ధతి చాలా అనువైనది. అందుకే ఇక్కడ ఒక ఊహాకథ తీసుకుంటున్నాను. కథ కల్పితమే కానీ, ఇందులోని తప్పులు కంపెనీల్లో జరుగుతున్నవే.

హైదరాబాద్ శివార్లలో 140 మంది పనిచేసే మందుల కంపెనీ. అక్కడి క్వాలిటీ ల్యాబ్‌లో ఒకామె కాంట్రాక్టర్ ద్వారా చేరి అనలిస్టుగా పనిచేస్తోంది. జనవరి నుంచి ల్యాబ్ మేనేజర్ రాత్రిపూట ఆమెకు మెసేజ్‌లు పెడుతున్నాడు. మార్చి 2న కంపెనీ బస్సులో పక్క సీట్లో కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. మార్చి 20న క్యాబిన్‌కి పిలిచి, "జులైలో నీ కాంట్రాక్టు రెన్యూవల్ ఉంది, ఆలోచించుకో" అన్నాడు. జూన్ 10, మంగళవారం నాడు ఆమె అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది. మేనేజర్ తన పనితీరు నివేదిక రాయకుండా చూడాలని, కొన్నాళ్లు సెలవు ఇప్పించాలని అందులోనే కోరింది.

కమిటీ జూన్ 12న ఫిర్యాదు ప్రతిని మేనేజర్‌కి ఇచ్చింది. "ఆమె భద్రత కోసం" అంటూ ఆమెను 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో యూనిట్‌కి పంపింది. జూన్ 16, 18, 20 తేదీల్లో మూడుసార్లు కూర్చుంది. వాట్సాప్ స్క్రీన్‌షాట్ల కాపీలు కావాలని మేనేజర్ అడిగితే, గోప్యత పేరు చెప్పి ఇవ్వలేదు. 21న అతన్ని ఉద్యోగం నుంచి తీసేయాలని సిఫారసు చేసింది. ఈలోపు హెచ్ఆర్‌లో ఒక ఉద్యోగి విషయమంతా క్యాంటీన్‌లో చెప్పేశాడు. మేనేజర్ ఫిర్యాదు కాపీని ఫోటో తీసి, "నాకు అండగా ఉండండి" అంటూ ల్యాబ్ గ్రూపులో పెట్టాడు.

ముందు ఫిర్యాదు నిలుస్తుందా అన్నది చూద్దాం. ఘటన జరిగిన 3 నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. వరసగా జరిగిన ఘటనలైతే ఆఖరిదాని నుంచి లెక్క. ఆఖరిది మార్చి 20 కాబట్టి జూన్ 20 దాకా గడువుంది. తగిన కారణం ఉంటే, దాన్ని రాతలో పెట్టి కమిటీ మరో 3 నెలల వరకూ పొడిగించవచ్చు గానీ ఇక్కడ ఆ అవసరమే రాలేదు. ఆమె కాంట్రాక్టు ఉద్యోగి అన్న అభ్యంతరం కూడా చెల్లదు. ఏజెంటు ద్వారా చేరినవాళ్లూ ఈ చట్టం కింద ఉద్యోగులే. యాజమాన్యం ఏర్పాటు చేసిన బస్సు కూడా పని ప్రదేశమే.

ఇక మొదటి అసలు ప్రశ్న, మధ్యంతర ఉపశమనం. చట్టంలోని 12వ సెక్షన్ "బాధిత మహిళ రాతపూర్వకంగా కోరితే" అన్న షరతుతోనే మొదలవుతుంది. ఆమె కోరితే ఆమెనో అతన్నో మరోచోటికి మార్చమని కమిటీ సిఫారసు చేయవచ్చు. 3 నెలల దాకా సెలవు ఇవ్వమనవచ్చు. ఈ సెలవు ఆమెకు మామూలుగా రావలసిన సెలవులకు అదనం. అతను ఆమె పనితీరు గురించి నివేదిక రాయకుండా ఆపి, ఆ పని మరో అధికారికి అప్పగించమనవచ్చు. కమిటీ సిఫారసు చేశాక యజమాని అమలు చేసి, అమలు చేసినట్టు కమిటీకి తెలియజేయాలి.

మన కథలో ఆమె అడిగినవి రెండు, కమిటీ ఇచ్చింది ఆమె అడగని మూడోది. రోజూ 40 కిలోమీటర్లు ప్రయాణం, కొత్త మనుషులు, "ఏదో గొడవైందట, అందుకే ఇక్కడికి పంపారట" అన్న గుసగుసలు. ఫిర్యాదు చేసినందుకు ఆమెకే శిక్ష పడినట్టయింది. ఆమె కోరని బదిలీకి 12వ సెక్షన్‌లో ఆధారం లేదు. దాన్ని వెంటనే వెనక్కి తీసుకోమని ఆమె అడగవచ్చు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే, ఎందుకంటే దీన్ని మంచి చేస్తున్నామనుకుంటూనే చేస్తారు.

ఆమె అడిగిన మొదటి ఉపశమనం చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆమె బతుకుతెరువు దాని మీదే ఆధారపడి ఉంది. జులైలో రెన్యూవల్, దానికి ఆధారం పనితీరు నివేదిక, రాసేది మేనేజర్. ఆ నివేదిక వేరే అధికారి చేతికి వెళ్లకపోతే విచారణ తేలేలోపే ఆమె ఉద్యోగం పోతుంది. ఇలాంటి కాంట్రాక్టు కేసుల్లో కమిటీ సిఫారసు కాపీ కాంట్రాక్టర్‌కి కూడా చేరేలా కంపెనీ చూడాలి. లేకపోతే కంపెనీ మాది కాదంటుంది, కాంట్రాక్టర్ నాకు తెలియదంటాడు. అతని తప్పు ఇంకా రుజువు కాలేదు కదా అని జంకే కమిటీలు కూడా ఉన్నాయి. మధ్యంతర ఉపశమనం ఎవరి మీదా తీర్పు కాదు. ఆ మాట సిఫారసులోనే ఒక వాక్యంగా రాసేస్తే రేపు అతను "ముందే దోషిని చేశారు" అనడానికి వీలుండదు.

రెండో ప్రశ్న విచారణ. కమిటీ పది రోజుల్లో ముగించింది, చూడటానికి మెచ్చుకోదగ్గ వేగమే. కానీ నియమాలు ఏం చెబుతున్నాయి? ఫిర్యాదు అందిన 7 పనిదినాల్లో ప్రతివాదికి ప్రతి పంపాలి. అది జరిగింది. జవాబు, సాక్షుల జాబితా, పత్రాలు ఇవ్వడానికి అతనికి 10 పనిదినాలు ఉంటాయి. శని, ఆదివారాలు సెలవనుకుంటే జూన్ 12న ప్రతి అందుకున్నవాడికి జూన్ 26 దాకా గడువుంది. జవాబు గడువు తీరకముందే, 21న నివేదిక వచ్చేసింది. పైగా అతనికి వ్యతిరేకంగా వాడిన స్క్రీన్‌షాట్లు అతనికే చూపలేదు. విచారణకు చట్టం ఇచ్చిన మొత్తం గడువు 90 రోజులు, అంటే సెప్టెంబరు 8 దాకా ఉంది. అంత తొందర ఎవరూ పడమనలేదు.

ఇది సాంకేతిక లోపమే కదా, పోనిద్దాం అనుకోవడానికి లేదు. గోవా విశ్వవిద్యాలయ అధ్యాపకుడొకరి మీద విద్యార్థినులు ఇచ్చిన ఫిర్యాదులపై 2009లో విచారణ జరిగింది. అతను ఉద్యోగం కోల్పోయాడు. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ చర్యను రద్దు చేసి, విచారణను మళ్లీ కమిటీకి పంపింది. కమిటీ అనవసరంగా హడావుడి పడిందని, తన వాదన చెప్పుకోవడానికి అతనికి సరైన అవకాశం ఇవ్వలేదని కోర్టు అభిప్రాయపడింది. ఆరోపణలు అబద్ధమని అనలేదు. కానీ ఫిర్యాదు చేసినవాళ్ల సంగతి ఆలోచించండి. పద్నాలుగేళ్ల తర్వాత కథ మళ్లీ మొదటికొచ్చింది. ప్రతివాదికి పద్ధతి ప్రకారం అవకాశం ఇవ్వడం అతని మీద దయ కాదు, ఆమె గెలుపు రేపు అప్పీలులో నిలబడటానికి కావలసిన పునాది.

అతని ముందు కూర్చుని ఆమె అతని ప్రశ్నలకు జవాబు చెప్పాలా? అక్కర్లేదు. 1973లోనే, రాంచీ మెడికల్ కాలేజీ విద్యార్థినుల కేసులో, నిందితులు లేనప్పుడు అమ్మాయిల వాంగ్మూలాలు తీసుకోవడం తప్పు కాదని సుప్రీంకోర్టు అంగీకరించింది. ఇప్పుడు మంచి కమిటీలు పాటించే పద్ధతి ఇలా ఉంటుంది. ఆమె వాంగ్మూలం కాపీని అతనికి ఇస్తారు. అతను తన ప్రశ్నలు కాగితం మీద రాసి ఇస్తాడు. అవమానపరిచేవీ, విషయానికి సంబంధం లేనివీ అధ్యక్షురాలు కొట్టేసి, ఎందుకు కొట్టేశారో పక్కన రాస్తుంది. మిగిలినవి తనే ఆమెను అడిగి జవాబులు నమోదు చేస్తుంది. "మార్చి 2న బస్సులో మీ పక్క సీటు ఖాళీగా ఉందని ఎలా చెబుతారు?" అన్నది ఉంచాల్సిన ప్రశ్న. "మీరు రాత్రి పదింటికి ఆన్‌లైన్‌లో ఎందుకున్నారు?" అన్నది కొట్టేయాల్సిన ప్రశ్న. లాయర్లు ఏ పక్షం తరఫునా రాకూడదు. ప్రతి బైఠక్‌లో అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి.

రుజువు విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. క్యాబిన్‌లో ఎవరూ చూడలేదు కాబట్టి కేసు లేదనుకుంటారు. ఇది క్రిమినల్ కోర్టు కాదు. ఏది జరగడానికి ఎక్కువ ఆస్కారం ఉందో తూచి తేల్చడమే ఇక్కడి కొలత. పొంతన ఉన్న ఆమె మాట, ఆ రోజే ఆమె ఫోన్ చేసి చెప్పిన స్నేహితురాలి సాక్ష్యం, జనవరి నుంచి వచ్చిన మెసేజ్‌లు కలిపి చూడాలి. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టక, అసలు ఫోనులోని సంభాషణను కమిటీ స్వయంగా చూసి, చూశామని మినిట్స్‌లో రాసుకుంటే తర్వాత "మార్ఫింగ్" వాదన నిలవడం కష్టం. ఒకవేళ రుజువు కాకపోయినా, ఆధారాలు చూపలేకపోయినంత మాత్రాన ఆమె మీద చర్య తీసుకోకూడదని చట్టమే చెప్పింది. దురుద్దేశంతో ఫిర్యాదు చేసిందని విడిగా విచారించి తేల్చాలి.

మూడో ప్రశ్న గోప్యత. 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులోని విషయాలు, ఆమె, అతను, సాక్షులు ఎవరన్నది, విచారణ వివరాలు, సిఫారసులు జనానికీ పత్రికలకూ తెలియనివ్వకూడదు. సమాచార హక్కు చట్టం కింద అడిగినా ఇవ్వకూడదు. అయితే ఈ గోప్యత బయటివాళ్ల నుంచి కాపాడేది, ప్రతివాది నుంచి సాక్ష్యాన్ని దాచేది కాదు. స్క్రీన్‌షాట్లు ఇవ్వకుండా కమిటీ ఈ సెక్షన్‌ను అడ్డం పెట్టుకోవడం అందుకే తప్పు. కాపీలు ఇచ్చి, బయటపెట్టనని అతనితో సంతకం చేయించుకోవాల్సింది. అలాగే ఆమె పోలీసుల దగ్గరికో, డాక్టర్ దగ్గరికో, లాయర్ దగ్గరికో వెళ్లడాన్ని ఈ సెక్షన్ ఆపదు. "బయట చెప్తే నీ మీదే చర్య" అని ఆమెను బెదిరించే హెచ్ఆర్ అధికారి చట్టాన్ని తలకిందులు చేస్తున్నట్టే.

క్యాంటీన్‌లో చెప్పిన హెచ్ఆర్ ఉద్యోగి సంగతి తేలిక. ఫిర్యాదును చూసుకునే బాధ్యత ఉన్నవాడు బయటపెడితే 17వ సెక్షన్ కింద సర్వీసు నిబంధనల ప్రకారం శిక్ష, అలాంటి నిబంధనలు లేకపోతే 5,000 రూపాయల జరిమానా. కాంట్రాక్టు అమ్మాయి బతుకును ఊరంతా చేసినందుకు ఇది చాలా చిన్న మొత్తం. మేనేజర్ సంగతి కొంచెం చిక్కు. నిషేధం అతనికీ వర్తిస్తుంది. కానీ జరిమానా సెక్షన్ మాట్లాడేది బాధ్యత అప్పగించబడినవాళ్ల గురించి, ప్రతివాది గురించి కాదు. అందుకని అతని పోస్టును సాక్షులను ప్రభావితం చేసే దుష్ప్రవర్తనగా కంపెనీ విడిగా చూడాలి, కమిటీ దాన్ని వెంటనే మినిట్స్‌లోకి ఎక్కించాలి.

చాలా చోట్ల విషయం పొక్కేది ఎవరి దుర్మార్గం వల్లనో కాదు. ఆఫీసు క్యాలెండర్‌లో "పోష్ హియరింగ్" అని మీటింగ్ పెడతారు, ఎవరెవరిని పిలిచారో అందరికీ కనిపిస్తుంది. అద్దాల గోడల గదిలో సాక్షిని కూర్చోబెడతారు. నివేదికను అందరూ చూసే ప్రింటర్‌కి పంపుతారు.

మరి ఇప్పుడేం కావాలి? సిఫారసు మీద 90 రోజుల్లో మేనేజర్ అప్పీలుకు వెళ్తాడు, బహుశా గెలుస్తాడు. గెలుపంటే నిర్దోషి అని కాదు, అతని జవాబు తీసుకునే దశ నుంచి విచారణ మళ్లీ జరగాలని. అలా తిరిగొస్తే విచారణ మళ్లీ పెండింగ్‌లో ఉన్నట్టే కాబట్టి ఆమె 12వ సెక్షన్ కింద తాజాగా ఇంకో లేఖ ఇవ్వవచ్చు. ఈలోపు జులై దాటి ఆమె కాంట్రాక్టు అయిపోయినా ఫిర్యాదు పడిపోదు, ఎందుకంటే బాధిత మహిళ అంటే ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా అని నిర్వచనంలోనే రాసి ఉంది. రెన్యూవల్ ఆగడానికి కారణం మేనేజర్ రాసిన నివేదికే అయితే, కోల్పోయిన ఆ అవకాశాన్ని పరిహారం లెక్కలో కమిటీ కలపవచ్చు. అందుకు ఆమె చేతిలో ఉండాల్సింది జూన్ 10 నాటి ఫిర్యాదు కాపీ, అందినట్టు దాని మీద వేయించుకున్న సంతకం.