నడిస్తే పిక్క పట్టేస్తుంటే

నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగి నిలబడితే కొద్ది నిమిషాల్లో సర్దుకుని, మళ్లీ దాదాపు అంతే దూరం నడిచేసరికి తిరగబెట్టే నొప్పి కాలి ధమనులు సన్నబడ్డాయనడానికి గుర్తు కావచ్చు. విశ్రాంతిలో పిక్క కండరానికి కొద్దిపాటి రక్తం చాలు. నడకలో ఆ అవసరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ధమని గోడలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే అంత రక్తం అందదు. ఆక్సిజన్ చాలని కండరం నొప్పి పెడుతుంది. పూడిక తరచుగా తొడలోని ధమనిలో ఉంటుంది, నొప్పి మాత్రం దాని దిగువనున్న పిక్కలో తెలుస్తుంది.

ఈ నొప్పిని చాలామంది వయసు మీద పడిందనో, నరాల బలహీనత అనో సరిపెట్టుకుంటారు. వెన్నులో నరాలు నొక్కుకుపోయినా నడిస్తే కాళ్లు లాగుతాయి. కానీ ఆ నొప్పి ఉత్తినే నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. ధమని నొప్పికి నిలబడటమే చాలు.

నిర్ధారణకు మొదట కావలసింది బీపీ పట్టీ, చిన్న డాప్లర్ పరికరం. బీడీలు మానని 62 ఏళ్ల మనిషి ఒకరు 200 మీటర్లకే ఆగిపోతున్నారనుకుందాం. పడుకోబెట్టి కొలిస్తే చేతి దగ్గర పై బీపీ 150, కుడి చీలమండ దగ్గర 96. 96ను 150తో భాగిస్తే 0.64. ఈ నిష్పత్తి 0.90 లేదా అంతకన్నా తక్కువైతే కాలి ధమనిలో అడ్డంకి ఉన్నట్టే లెక్క. షుగర్ చాలాకాలంగా ఉన్నవారిలో మాత్రం ఈ లెక్క మోసం చేయవచ్చు. వారి ధమనులు గట్టిపడి పట్టీకి నొక్కుకోవు కాబట్టి అంకె మామూలుగానో, 1.40 దాటో కనిపిస్తుంది. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర బీపీ చూస్తారు.

ఈ మనిషికి కాలికన్నా పెద్ద ప్రమాదం గుండెకూ మెదడుకూ ఉంది. కాలిలో పేరుకున్న కొవ్వు అక్కడి ధమనుల్లోనూ ఉండే అవకాశం ఎక్కువ. అందుకే బీడీ పూర్తిగా మానాలి. డాక్టర్ స్టాటిన్‌తో పాటు, ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ రాస్తారు, బీపీ అదుపు చేస్తారు. నొప్పికి మందు నడకే. వారానికి కనీసం మూడుసార్లు, నొప్పి బాగా తెలిసేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా విరామాలతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, మూడు నెలలపాటు చేస్తే చాలామంది నొప్పి లేకుండా నడిచే దూరం పెరుగుతుంది. ఇంత చేసినా రోజువారీ పనులు సాగకపోతేనే స్టెంట్, బైపాస్ ఆలోచిస్తారు.

రాత్రి పడుకున్నా పాదం నొప్పి పెట్టి, కాలు మంచం కిందికి వేలాడేస్తే తగ్గుతున్నా, వేళ్ల పుండు మానకపోయినా, వేలు నల్లబడినా నడక వ్యాయామంతో కాలయాపన చేయకూడదు, రక్తనాళాల సర్జన్‌ను వెంటనే కలవాలి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే ధమని హఠాత్తుగా మూసుకుపోయిందేమోనని అనుమానించి, ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరాలి.