వెనక్కి చూడకుండా బ్యాటన్ అందుకోవాలంటే

2016 రియో ఒలింపిక్స్ పురుషుల 4×100 మీటర్ల రిలేలో జపాన్ 37.60 సెకన్లకు రజతం గెలిచింది. వారికంటే ముందు గీత దాటింది ఉసేన్ బోల్ట్ ఉన్న జమైకా మాత్రమే. ఆ నలుగురు జపాన్ కుర్రాళ్లలో అప్పటికి ఒక్కరు కూడా వంద మీటర్లను పది సెకన్లలోపు పరుగెత్తలేదు. ఐదేళ్ల తర్వాత సొంతగడ్డ టోక్యోలో జరిగిన ఫైనల్లో అదే జపాన్ మొదటి మార్పిడి దగ్గరే ఆగిపోయింది. బ్యాటన్ రెండో అథ్లెట్‌కు చేరకముందే జోన్ అయిపోయింది.

ఇలాంటప్పుడు మన చూపంతా చేతుల మీదే ఉంటుంది. నిజానికి తప్పు చాలాసార్లు చేతులు కలవకముందే, అందుకునేవాడు కదిలిన క్షణంలోనే జరిగిపోతుంది. అందుకే పిల్లలకు బ్యాటన్ పట్టుకోవడం కంటే ఎప్పుడు బయల్దేరాలో నేర్పడానికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

4×100లో మార్పిడి జోన్ పొడవు 30 మీటర్లు. బ్యాటన్ ఆ గీతల మధ్యే చేయి మారాలి. రిఫరీ చూసేది బ్యాటన్ ఎక్కడుందనే, కాళ్లు ఎక్కడున్నాయని కాదు. అందుకునేవాడు జోన్ మొదట్లో నిలబడి, తన వెనక ట్రాక్ మీద అంటించిన టేపును చూస్తుంటాడు. అదే చెక్ మార్క్. వచ్చేవాడు దాన్ని దాటగానే ముందుకు తిరిగి పూర్తి బలంతో పరుగు అందుకుంటాడు. ఆ తర్వాత వెనక్కి చూడడు. చూస్తే వేగం తగ్గుతుంది.

మరి టేపు ఎంత దూరంలో ఉండాలి? ఒక స్కూల్ జట్టునే తీసుకుందాం. వచ్చే కుర్రాడు చివర్లో సెకనుకు 8.5 మీటర్ల వేగంతో ఉన్నాడు. బయల్దేరేవాడికి నిలబడ్డ చోటి నుంచి 22 మీటర్లు చేరడానికి, మార్క్ చూసి కదలడానికి పట్టే సమయంతో కలిపి, 3.5 సెకన్లు పడుతుంది. అక్కడే బ్యాటన్ అందాలని అనుకుందాం. ఇద్దరూ చేతులు చాచినప్పుడు వారి మధ్య దాదాపు మీటరు దూరం ఉంటుంది కాబట్టి, వచ్చేవాడు జోన్‌లో 21 మీటర్లు వస్తే చాలు. కానీ 3.5 సెకన్లలో అతను దాదాపు 29.75 మీటర్లు పరుగెత్తుతాడు. తేడా 8.75 మీటర్లు. జోన్ మొదలుకు అంత వెనకగా టేపు అంటించాలి. మట్టి మైదానమైతే సున్నంతో గీత గీస్తే సరిపోతుంది. అడుగు వెంట అడుగు వేసి కొలిస్తే 28 సెంటీమీటర్ల పాదానికి అది 31 అడుగులు.

ఇది మొదటి అంచనా మాత్రమే. పూర్తి వేగంతో పరుగెత్తిస్తేనే నిజం తెలుస్తుంది. వచ్చేవాడు ఎంత చేయి చాచినా అందకపోతే మార్క్‌ను దగ్గరకు తేవాలి. వచ్చి వీపుకు గుద్దుకుంటుంటే వెనక్కి జరపాలి. అయితే ఒక్క ప్రయత్నం చూసి జరపకూడదు. మార్క్ సరిగ్గానే ఉండి, పిల్లవాడు ఆత్రంగా ముందే కదిలి ఉండవచ్చు. కోచ్ పక్కనే నిలబడి వచ్చేవాడు టేపు దాటిన క్షణాన్నీ, బయల్దేరేవాడి మొదటి అడుగునూ పోల్చి చూడాలి. బయల్దేరేవాడు ప్రతిసారీ ఒకే తీరుగా కదలడం నేర్చుకునేదాకా మార్క్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఆ తర్వాతే చేతుల పని. మొదట నడుస్తూ, తర్వాత మెల్లగా పరుగెత్తుతూ, చివరికి పూర్తి వేగంతో చేయించాలి. వచ్చేవాడు 'హ్యాండ్' అని అరవగానే ముందున్నవాడు చేయి వెనక్కి చాచి కదలకుండా ఉంచాలి. అతను బ్యాటన్ కోసం వెతక్కూడదు, అరచేతిలో పెట్టే పూచీ వచ్చేవాడిదే. అరుపు, అందించడం ఒకేసారి జరిగితే బ్యాటన్ కదిలే చేతికి తగిలి జారిపోతుంది. మొదటివాడు కుడిచేత్తో తెచ్చి రెండోవాడి ఎడమచేతికి, అతను మూడోవాడి కుడిచేతికి, అతను నాలుగోవాడి ఎడమచేతికి ఇస్తారు. దారిలో ఎవరూ చేయి మార్చుకోనవసరం లేదు. జపాన్ జట్టు బ్యాటన్‌ను కింది నుంచి పైకి అందిస్తుంది. అలా అయితే అందుకునేవాడి చేయి కిందే ఉండి పరుగు తీరు చెడదు. కానీ ఇద్దరూ మరింత దగ్గరకు రావాలి కాబట్టి, ముందుగా అభ్యాసం లేనివారికి అది కష్టం.

4×400లో లెక్క తారుమారవుతుంది. మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న పరుగు ఇదే. నాలుగు వందల మీటర్ల చివర్లో వచ్చే అథ్లెట్ కాళ్లు ఎంత బరువెక్కి ఉంటాయో ముందే చెప్పలేం. అందుకే ఇక్కడ అందుకునేవారే వెనక్కి చూస్తూ ఆ వేగాన్ని అంచనా వేసి, కొన్ని అడుగులు ముందుకు వేసి బ్యాటన్ తీసుకుంటారు. జోన్ 20 మీటర్లే, బయల్దేరడం కూడా అందులోంచే. సాధారణంగా ఎడమచేయి చాచి లోపలి వైపు తిరిగి అందుకుంటారు, వెంటనే కుడిచేతికి మార్చుకుంటారు. కొత్తవాళ్లు రెండు రకాలుగా తప్పు చేస్తారు. కొందరు నిలబడి ఎదురుచూసి వేగం పోగొట్టుకుంటారు, మరికొందరు అలసిన సహచరిని వదిలి ముందుకు పారిపోతారు. సాధనలో వచ్చేవారు ఉల్లాసంగా ఉంటే ఈ రెండో తప్పు బయటపడదు. అందుకే బ్యాటన్ తెచ్చేవారి చేత ముందు మూడు వందల మీటర్లు గట్టిగా పరుగెత్తించి, ఆ అలసటలోనే మార్పిడి చేయించాలి.