పన్నెండు జీతాలు, ఒకే ఫైలు

కరెంటు ఖాతా ఉన్న సంస్థలకు చాలా బ్యాంకులు తమ కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్‌లో బల్క్ అప్‌లోడ్ అనే సదుపాయం ఇస్తాయి. ఎవరికి ఎంత పంపాలో ఒక పట్టికలో రాసి ఆ ఫైలును బ్యాంకుకు అందిస్తే, ఒక్క ఆమోదంతో అందరి ఖాతాలకూ డబ్బు బయలుదేరుతుంది. పట్టికలో మనిషికొక వరుస ఉంటుంది. అందులో పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, ఇవ్వాల్సిన మొత్తం, డబ్బు ఏ పద్ధతిలో వెళ్లాలి అన్న వివరం ఉంటాయి. వరుస నమూనా ఒక్కో బ్యాంకుకు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి బ్యాంకు ఇచ్చిన ఖాళీ నమూనానే వాడాలి. జీతం తీసుకునే మనిషికి అదే బ్యాంకులో ఖాతా ఉంటే సొంత బ్యాంకు బదిలీ అని, వేరే బ్యాంకులో ఉంటే నెఫ్ట్ అని సూచించాలి. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్ సెలవు రోజుల్లోనూ, రాత్రింబవళ్లూ అరగంటకో విడతగా నడుస్తోంది. అందువల్ల ఆదివారం జీతం వేసినా చేరుతుంది.

ఈ ఏర్పాటులో అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. నెఫ్ట్‌లో డబ్బు జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే. పంపేవారు రాసిన పేరును, ఆ ఖాతాదారు పేరుతో సరిచూసి తీరాలన్న నియమం డబ్బు అందుకునే బ్యాంకుకు లేదు. పేరు సరిగ్గా ఉండి నంబరులో ఒక అంకె మారితే, ఆ మారిన నంబరుతో నిజంగా ఖాతా ఉంటే, డబ్బు ఆ ఖాతాలో పడిపోతుంది. ఫైలు తయారీలోనూ ఆమోదంలోనూ చేసే తనిఖీలన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకుని చేయాల్సినవే.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డు ఉందనుకుందాం. వెల్డర్లు, వడ్రంగులు, పెయింటర్లు, హెల్పర్లు కలిపి పన్నెండు మంది. పదిమందికి పైగా ఉన్నారు కాబట్టి ఈఎస్ఐ వర్తిస్తుంది. నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారి నుంచి 0.75 శాతం మినహాయిస్తారు. జీతం 15,000 దాటితే వృత్తి పన్ను, ముందుగా వాడుకున్న అడ్వాన్సు ఉంటే దాని వాయిదా కూడా పోతాయి. ఇవన్నీ తీసేశాక మిగిలే నికర జీతమే బ్యాంకు ఫైలులోకి వెళ్లాలి. స్థూల జీతం ఉన్న గడిని పొరపాటున ఫైలులోకి ఎక్కించడం జరుగుతూనే ఉంటుంది. అందుకే ముందు జీతాల పట్టీ పూర్తిచేసి, యజమాని సంతకం అయ్యాకే ఫైలు మొదలుపెట్టడం మేలు.

గత నెల ఈ షెడ్డు ఇచ్చిన నికర జీతాల మొత్తం 2,04,180 రూపాయలు. ఈ నెలలో నాలుగు మార్పులు వచ్చాయి. 15,320 అందుకునే ఒక పెయింటరు మానేశాడు. అతని బదులు నెల మధ్యలో చేరినవాడికి 8,460 రావాలి. ఒక హెల్పరుకు మూడు రోజుల గైరుహాజరుకు 1,500 తగ్గింది. ఒక వెల్డరుకు అడ్వాన్సు తీరిపోయి 2,000 పెరిగింది. గత నెల మొత్తానికి వీటిని కలిపి, తీసి చూస్తే 1,97,820 రావాలి. ఈ అంకెను ఫైలు తెరవకముందే ఒక కాగితం మీద విడిగా రాసిపెట్టుకోవాలి. ఫైలు చూపే మొత్తం ఇంతే అయి, వరుసలు పన్నెండే ఉంటే మొదటి తనిఖీ గట్టెక్కినట్టు. అలా కాకుండా 2,13,140 అని, పదమూడు వరుసలని వచ్చిందనుకోండి. తేడా 15,320. ఆ అంకే తప్పెక్కడుందో చెప్పేస్తోంది. మానేసిన పెయింటరు వరుస గత నెల ఫైలు నుంచి అలాగే వచ్చేసింది. పాత ఫైలును కాపీ చేసి కొత్త నెలకు సవరించుకునే చోట ఇది మామూలుగా దొర్లే తప్పు.

మొత్తం కుదిరింది కదా అని అక్కడితో ఆగితే అసలు ప్రమాదం మిగిలిపోతుంది. ఎక్సెల్‌లో ఎవరో పేర్లను అక్షరక్రమంలో పెట్టబోయి, పేర్ల, మొత్తాల నిలువు వరుసలను మాత్రమే మార్చి, ఖాతా నంబర్లను, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లను ఉన్నచోటే వదిలేశారనుకుందాం. వరుసలు పన్నెండే, మొత్తం 1,97,820. ఖాతా నంబర్లన్నీ నిజమైనవే కాబట్టి బ్యాంకు ఒక్క వరుసనూ తిప్పికొట్టదు. కానీ హెల్పరు జీతం వెల్డరు ఖాతాలో, వెల్డరు జీతం ఇంకొకరి ఖాతాలో పడతాయి. మొత్తం సరిపోవడం వల్ల తెలిసేది సంస్థ ఖాతా నుంచి బయటికి వెళ్లే డబ్బు ఎంతన్నదే. అది ఎవరికి చేరుతుందన్నది ఆ మొత్తంలో కనబడదు. దీన్ని పట్టుకోవాలంటే ప్రతి పేరును, దాని ఎదుట ఉన్న ఖాతా నంబరును జంటగా చూడాలి. పన్నెండు మందే కాబట్టి ఒకరు పాస్‌బుక్ నకళ్ల నుంచి నంబరు చదువుతుంటే మరొకరు ఫైలులో చూసుకోవచ్చు. ప్రతి నెలా చేయాలంటే, సరిచూసిన ఖాతాల జాబితాను Master అనే వేరే షీటులో పెట్టి ఎక్సెల్ చేతే పోల్పించడం తేలిక. రెండు షీట్లలోనూ మొదటి నిలువు వరుసలో ఉద్యోగి నంబరు, రెండోదానిలో పేరు, మూడోదానిలో ఖాతా నంబరు ఉంటే ఈ సూత్రం సరిపోతుంది:

```
=EXACT(C2,VLOOKUP(A2,Master!A:C,3,FALSE))
```

ఇది ఖాతా నంబరును మాత్రమే పోలుస్తుంది. ఐఎఫ్ఎస్‌సీ కోడుకూ, పేరుకూ ఇలాంటిదే మరొకటి పెట్టుకోవాలి. TRUE అని రాని ప్రతి వరుసా ఆగాల్సిందే. Master షీటును ఫైలు తయారుచేసే మనిషి మార్చలేకుండా యజమాని దగ్గర ఉంచితేనే ఈ పోలికకు విలువ. ఖాతా మారిందని ఎవరైనా వాట్సాప్‌లో కొత్త నంబరు పంపితే, దాన్ని నేరుగా ఎక్కించకూడదు. మనిషిని ఎదురుగా అడిగి, పాస్‌బుక్ మొదటి పేజీ చూసి మార్చాలి. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు ఖాతాదారు పేరు చూపే సదుపాయం తేవాల్సి వచ్చింది. కొత్త ఖాతాను నమోదు చేసేటప్పుడు ఆ పేరును తప్పక చదవాలి.

ఎక్సెల్ తనంతట తాను చేసే చేటు కూడా ఉంది. ఖాతా నంబరును అది సంఖ్య అనుకుంటుంది. మొదట్లో ఉన్న సున్నాలను తీసేస్తుంది. పదహారంకెల నంబరైతే పదిహేను అంకెలనే నిలుపుకుని, చివరి అంకెను సున్నా చేస్తుంది. కాబట్టి నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. చాలామంది ఇక్కడి వరకు జాగ్రత్తగానే ఉంటారు. ఫైలును సీఎస్‌వీగా భద్రపరిచాక ఒకసారి చూద్దామని మళ్లీ ఎక్సెల్‌లో తెరిచి, మూసేటప్పుడు సేవ్ కొడతారు. సీఎస్‌వీలో టెక్స్ట్ అన్న గుర్తు నిలవదు కాబట్టి సున్నాలు అప్పుడు పోతాయి. చూడాలనుకుంటే నోట్‌ప్యాడ్‌లో తెరవాలి.

ఐఎఫ్ఎస్‌సీ కోడుకు పదకొండు స్థానాలు. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకును, చివరి ఆరు శాఖను సూచిస్తాయి, మధ్యలో ఐదోది సున్నా. అక్కడ ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కొడితే వరుస తప్పుతుంది. బ్యాంకులు విలీనమైనప్పుడు ఈ కోడ్‌లు మారతాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాక, ANDBతో మొదలయ్యే పాత కోడ్‌ల స్థానంలో UBINతో మొదలయ్యేవి వచ్చాయి. పాతవి 2021 ఏప్రిల్ నుంచి చెల్లలేదు. 2025 మే 1న నాలుగు గ్రామీణ బ్యాంకులు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి. ఊళ్లో గ్రామీణ బ్యాంకు ఖాతా ఉన్న పనివాళ్లను కొత్త పాస్‌బుక్ చూపించమనడం అవసరమే.

ఫైలు ఎక్కించేవారిని మేకర్ అనీ, ఆమోదించేవారిని చెకర్ అనీ బ్యాంకులు పిలుస్తాయి. ఇద్దరికీ వేర్వేరు యూజర్ ఐడీలు, వేర్వేరు ఫోన్లు ఉండాలి. షెడ్డులో గుమస్తా మేకర్ అయితే యజమాని చెకర్. ఎక్కించగానే బ్యాంకు వ్యవస్థ నమూనా సరిగ్గా ఉందా, కోడ్‌లు చెల్లుతాయా అని చూసి, తప్పున్న వరుసలు చూపిస్తుంది. నంబరు మనిషిదేనా అన్నది మాత్రం దానికి తెలియదు. ఆ పని చెకర్‌దే. ఆమోదం తెరలో ఫైలు పేరు, వరుసల సంఖ్య, మొత్తం మాత్రమే పైకి కనిపించవచ్చు. వివరాల్లోకి వెళ్లి వరుసలు తెరవాలి. పన్నెండింటినీ ఒకే శ్రద్ధతో చూడలేని రోజున కనీసం ఈ నెల మారిన వరుసలను పట్టీతో, పాస్‌బుక్ నకలుతో పోల్చాలి. యజమాని ఊళ్లో లేడని ఫోనులో గుమస్తాకు ఓటీపీ చెప్పేస్తే ఇద్దరు మనుషుల ఏర్పాటు అక్కడితో పోయింది. తయారు చేసినవాడే ఆమోదించినట్టు. యజమాని ప్రయాణాల్లో ఉండే సంస్థ రెండో చెకర్‌ను ముందే నమోదు చేసుకోవాలి.

ఆమోదానికి ముందు ఖాతాలో నిల్వ చూడాలి. మొత్తం ఒకేసారి తీసే పద్ధతిలో నిల్వ చాలకపోతే ఫైలంతా ఆగుతుంది. వరుసకొకసారి తీసే పద్ధతిలో కొందరికి వెళ్లి మిగిలినవారికి వెళ్లదు. ఇది ఇంకా చిక్కు.

డబ్బు వెళ్లాక తెర మీద కనిపించే ‘ప్రాసెస్డ్’ అన్న మాటకు, జమ అయిందన్న మాటకు తేడా ఉంది. నెఫ్ట్‌లో డబ్బు బ్యాంకు దాటిన తర్వాత కూడా, అవతలి ఖాతా మూసేసి ఉన్నా, నంబరు లేకపోయినా వెనక్కి వస్తుంది. జమ చేయలేని బ్యాంకు ఆ విడత ముగిసిన రెండు గంటల్లోగా తిప్పి పంపాలన్నది నియమం. అందుకే ఆమోదించిన పూటే కాకుండా ఆ సాయంత్రం మరోసారి స్టేట్‌మెంటు చూడాలి. జీతాలు తర్వాతి నెల 7వ తేదీ లోపు అందాలి కాబట్టి ఫైలును 4న లేదా 5న పంపితే తిరిగొచ్చినవి సరిచేసేందుకు వ్యవధి ఉంటుంది.

తిరిగొచ్చిన వరుసను మళ్లీ పంపేటప్పుడు ఆ ఒక్కదానికే కొత్త ఫైలు చేయాలి. నెట్ ఆగిపోయి ఆమోదం పడిందో లేదో తెలియకపోతే, స్టేట్‌మెంటు చూడకుండా మళ్లీ ఎక్కించకూడదు. అదే పేరున్న ఫైలును బ్యాంకు వ్యవస్థ తిరస్కరిస్తే, అది మొదటిది వెళ్లిందని చెబుతుండవచ్చు. పేరు మార్చి ఎక్కిస్తే పన్నెండు జీతాలూ రెండుసార్లు పోతాయి. బయటివారి ఖాతాలో పడ్డ డబ్బును బ్యాంకు తనంతట తాను వెనక్కి తీయలేదు, ఆ ఖాతాదారు ఒప్పుకోవాలి. వెంటనే రాతపూర్వకంగా తమ బ్యాంకుకు ఫిర్యాదు చేసి, ఆ బదిలీ తాలూకు యూటీఆర్ నంబరు ఇవ్వాలి. ఆ నంబరు ఉంటే బ్యాంకు వెతకడం తేలిక కాబట్టి ప్రతి జీతం ఎదుటా పట్టీలో యూటీఆర్ రాసిపెట్టుకోవాలి.

లెక్కల పుస్తకంలో జీతాలు చెల్లించవలసినవి అనే పద్దులో పట్టీ ప్రకారం 1,97,820 ఎక్కుతుంది. బ్యాంకు నుంచి డబ్బు వెళ్లగానే తగ్గుతుంది, తిరిగొచ్చిన మొత్తం మళ్లీ ఆ పద్దులోకే చేరుతుంది. నెలాఖరుకు ఆ పద్దులో సున్నా కాక 8,460 మిగిలితే, కొత్తగా చేరిన పెయింటరుకు ఇంకా జీతం అందలేదన్నమాట.