బొమ్మ ఏఐది, కుట్టు ఎవరిది?

అమెరికా 'వోగ్' పత్రిక 2025 ఆగస్టు సంచికలో గెస్ కంపెనీ ప్రకటన ఒకటి వచ్చింది. చారల పొడవాటి గౌనులో ఒకచోట, పూల దుస్తుల్లో ఇంకోచోట బంగారు రంగు జుట్టున్న మోడల్ కనిపిస్తుంది. అలాంటి అమ్మాయి లోకంలో లేదని, అది ఏఐతో చేసిన బొమ్మ అని పేజీలో చిన్న అక్షరాలతో రాసిన మాట చదివినవాళ్లకే తెలిసింది. కంపెనీ దాచిందని అనలేం, చెప్పింది. కానీ ఎవరి కంటా పడనంత చిన్నగా చెప్పిందన్నది ఆ ప్రకటన మీద వచ్చిన విమర్శల్లో ఒకటి.

ఇదే సమస్య ఇప్పుడు ఫ్యాషన్ డిజైన్ తరగతి గదుల్లోకీ వచ్చింది. మిడ్‌జర్నీ, అడోబీ ఫైర్‌ఫ్లై లాంటి టూల్స్‌కు నాలుగు మాటలు రాసి, చేత్తో గీసిన స్కెచ్ ఒకటి జోడిస్తే చాలు. కాసేపట్లో ఆ డ్రెస్ వేసుకుని మోడల్ ర్యాంప్ మీద నడుస్తున్నట్టు ఫొటోలాంటి బొమ్మ వచ్చేస్తుంది. దాన్ని పోర్ట్‌ఫోలియోలో పెట్టినప్పుడు జ్యూరీలో కూర్చున్న మేడమ్ దేనికి మార్కులు వెయ్యాలి? అందుకే విద్యార్థులు పోర్ట్‌ఫోలియోతో పాటు ఫ్యాకల్టీకి ఒక నోట్ రాసి ఇవ్వడం అవసరమవుతోంది. 'కొన్ని బొమ్మలకు ఏఐ వాడాను' అన్న ఒక్క వాక్యంతో ఆ నోట్ పని పూర్తి కాదు. ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం.

హైదరాబాద్‌లో చదివే ఒక విద్యార్థిని పోచంపల్లి ఇక్కత్‌తో ఆరు డ్రెస్సుల కలెక్షన్ తయారు చేసిందనుకుందాం. అందులో ఒకటి నడుము కిందకి దిగే జాకెట్. స్కెచ్ తనే గీసింది. కొన్న గుడ్డను ఫొటో తీసింది. రెండూ ఏఐ టూల్‌కు ఇచ్చి మాకప్ తీసింది. బొమ్మ అదిరిపోయింది. ముందు భాగంలో ఎడమ, కుడి వైపుల వజ్రాకారపు డిజైన్లు గుండీల దగ్గర అంగుళం తేడా లేకుండా కలిశాయి. అదే వరుస భుజం మీదుగా చేతిలోకి ఎక్కడా తెగకుండా వెళ్లింది. చేయి కిందకి వేలాడుతున్నా చంక దగ్గర ఒక్క ముడత లేదు.

కుట్టుపని తెలిసిన కళ్లకు మొదట అనుమానం వచ్చేది ఆ ముడత లేకపోవడం దగ్గరే. డిజైన్ తెగకుండా చేతిలోకి వెళ్లిందంటే ఒంటి ముక్క, చేతి ముక్క ఒకటిగా కత్తిరించారని అర్థం. కిమోనో చేతులు అలాగే ఉంటాయి. అలా కత్తిరిస్తే చేయి చాపినప్పుడు గుడ్డ సాఫుగా ఉంటుంది. దించినప్పుడు మిగులు గుడ్డంతా చంక కింద చేరి ముడతలు పడుతుంది. ముడత వద్దంటే భుజం దగ్గర కుట్టు వేసి చేతిని విడిగా అతికించాలి. అప్పుడు డిజైన్ ఆ కుట్టు దగ్గర తెగిపోతుంది. రెండూ ఒకేసారి కుదరవు. ఏఐకి ఆ చిక్కు లేదు. దానికి గుడ్డ బరువూ తెలియదు, ప్యాటర్నూ తెలియదు. లక్షల ఫొటోల్లో జాకెట్లు ఎలా కనిపిస్తాయో అలా రంగులు అద్దుతుంది, అంతే.

విద్యార్థిని కోరా గుడ్డతో టాయిల్, అంటే నమూనా జాకెట్, కుట్టి చూసేసరికి ఈ సంగతి బయటపడింది. దాంతో చేతిని విడిగా అతికించే పద్ధతికి మారింది. ఇక మిగిలింది డిజైన్ కలపడం.

దానికి లెక్క ఉంది. ఆమె కొన్న గుడ్డ పన్నా 44 అంగుళాలు. వెనుక ముక్కకు 28, రెండు ముందు ముక్కలకు కలిపి 28, చేతులకు 24 అంగుళాల పొడవు కావాలి. మొత్తం 80 అంగుళాలు, అంటే రెండు మీటర్ల పైచిలుకు. డిజైన్ ప్రతి 8 అంగుళాలకు ఒకసారి తిరిగి వస్తోంది. వెనుక ముక్క కత్తిరించాక, ముందు ముక్కల్లో అదే డిజైన్ అదే ఎత్తులో రావాలంటే ఒక పూర్తి వరుస వరకు గుడ్డ వదిలేయాల్సి రావచ్చు. చేతులకు మరో వరుస. అంటే 16 అంగుళాలు అదనం. మొత్తం 96 అంగుళాలు, దాదాపు రెండున్నర మీటర్లు. మాకప్ చూసి రెండు మీటర్లకు కాస్ట్ షీట్ వేసుంటే లెక్క అక్కడే తప్పేది. పైగా ఇక్కత్‌లో నూలును ముందే కట్టు కట్టి రంగు అద్ది, తర్వాత మగ్గం ఎక్కిస్తారు. పడుగూ పేకా కొద్దిగా జరుగుతాయి కాబట్టి వరుసలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో రావు. గుండీల దగ్గర నూలుపోగంత తేడా లేకుండా డిజైన్ కలవడం బొమ్మలో సులువే, మగ్గం గుడ్డలో మాత్రం అదృష్టం.

ఈ విద్యార్థిని ఫ్యాకల్టీకి రాసే నోట్‌లో సారం ఈ తేడాలే కావాలి. తెలుగులో రాస్తే అది ఇలా ఉండొచ్చు:

'మేడమ్‌కు నమస్కారం. నా పోర్ట్‌ఫోలియోలో ఆరు పేజీల్లో ఏఐతో తీసిన మాకప్‌లు ఉన్నాయి. ఆ పేజీలన్నిటి మీదా బొమ్మ పక్కనే ఆ మాట రాశాను. స్కెచ్‌లు, ఫ్లాట్ డ్రాయింగ్‌లు, ప్యాటర్న్‌లు, స్పెక్ షీట్‌లు, కాస్ట్ షీట్‌లు నేను చేసినవి. ఏఐకి నా స్కెచ్, నేను కొన్న గుడ్డ ఫొటో ఇచ్చాను. మోడల్, ముఖం, వెలుతురు, వెనుక కనిపించే గోడ ఏఐ కల్పించినవి. జాకెట్ కాలర్ నా స్కెచ్‌లో లేదు, ఏఐ వేసింది. నచ్చి ఉంచుకున్నాను, దానికి ప్యాటర్న్ నేనే తీశాను. బొమ్మలో చేయి ఒంటితో ఒకటిగా ఉంది. కుట్టిన జాకెట్‌లో విడిగా అతికించాను. బొమ్మలో కనిపించే డిజైన్ కలయిక కుట్టిన దాంట్లో ముందు భాగం వరకే సాధ్యమైంది. బొమ్మలో జేబులు ఉన్నాయి, నేను కుట్టలేదు. వాడిన ప్రాంప్ట్‌లు, పక్కన పెట్టేసిన బొమ్మలు, టాయిల్ ఫొటోలు విడి ఫోల్డర్‌లో ఇస్తున్నాను.'

ఇందులో అన్నిటికన్నా విలువైన వాక్యం కాలర్ గురించి రాసినదే. టూల్ పేరు ఎవరైనా రాస్తారు. డిజైన్ నిర్ణయాల్లో ఏది తనది, ఏది యంత్రం సూచించిందో విడదీసి చెప్పడం కష్టం. మార్కులు వేసేవాళ్లకు కావలసింది మాత్రం అదే. కాలర్ ఏఐ ఇచ్చిందని తెలిశాక మేడమ్ ఆ ఆలోచనకు మార్కు వెయ్యకపోవచ్చు, దానికి తీసిన ప్యాటర్న్‌కు వేస్తారు.

గుడ్డ పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఏఐ గీసిన వజ్రాల వరుస కింద 'పోచంపల్లి ఇక్కత్' అని రాస్తే అది తప్పు సమాచారం. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసిన గుడ్డకే ఆ పేరు చెల్లుతుంది. తేడా పట్టడం పెద్ద కష్టం కాదు. నూలుకు ముందే రంగు వేసి నేయడం వల్ల ఇక్కత్ డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి, గుడ్డ తిరగేస్తే వెనుక వైపూ దాదాపు అంతే స్పష్టంగా కనిపిస్తుంది. ఏఐ బొమ్మలో అంచులు బ్లేడుతో కోసినట్టు ఉండొచ్చు, లేదా ఒకే వరుసలో డిజైన్ సైజు మారిపోతుండొచ్చు. ఎలాగూ బొమ్మను తిరగేసి చూడలేం కాబట్టి ఆ పేజీలో అసలు గుడ్డ ముక్క ఒకటి అతికించాలి. బొమ్మ కింద 'ఇక్కత్‌ను పోలిన ఏఐ డిజైన్' అని రాయాలి.

మాకప్‌ను అనుమానంగా చూసే ఫ్యాకల్టీ ముందుగా గమనించేవి కొన్ని ఉంటాయి. గుండీలు ఐదుంటే కాజాలు నాలుగే ఉండటం, కుట్టు లైను మధ్యలో మాయమవడం, బిగుతు గౌనుకు జిప్పూ హుక్కూ ఏదీ లేకపోవడం. ముందు బొమ్మకూ వెనుక బొమ్మకూ పొంతన కుదరకపోవడం మరొకటి, ఎందుకంటే ఏఐ రెండిటినీ ఒకే డ్రెస్ నుంచి తీయదు, విడివిడిగా కల్పిస్తుంది. అయితే టూల్స్ మెరుగవుతున్న కొద్దీ ఈ గుర్తులు తగ్గిపోతున్నాయి. 'ఇది ఎటు నుంచి వేసుకోవాలి? వెనుక ఏముంది?' అని విద్యార్థిని అడగడం వాటికన్నా నమ్మదగ్గ పరీక్ష. ప్యాటర్న్ తీసినవాళ్లు వెంటనే చెప్పేస్తారు.

క్లో త్రీడీ లాంటి సాఫ్ట్‌వేర్‌ను ఇదే గాటన కట్టకూడదు. అందులో విద్యార్థి గీసిన ప్యాటర్న్ ముక్కలనే తెర మీద కుట్టి, గుడ్డ బరువు, సాగుడు ఇచ్చి, శరీరం మీద ఎలా పడుతుందో లెక్కగట్టి చూపిస్తారు. చేయి ఎలా కత్తిరిస్తే ముడత ఎక్కడ పడుతుందో అక్కడే తెలుస్తుంది. నోట్‌లో ఈ రెండిటినీ విడివిడిగా రాయాలి, లేకపోతే ప్యాటర్న్ ఆధారంగా చేసిన పని కూడా ఏఐ ఖాతాలో పడిపోతుంది.

నోట్ ఎందుకు, ఫైల్‌లోనే గుర్తు ఉంటుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఫైర్‌ఫ్లైలో చేసిన బొమ్మలకు 'కంటెంట్ క్రెడెన్షియల్స్' పేరుతో, ఏఐ వాడినట్టు చెప్పే సమాచారం జతవుతుంది. మంచి ఏర్పాటే. కానీ స్క్రీన్‌షాట్ తీస్తే ఆ సమాచారం వెంట రాదు, ప్రింట్ తీసిన పోర్ట్‌ఫోలియోలో అసలే కనిపించదు. కాగితం మీద రాసిందే నిలుస్తుంది.

హక్కుల విషయంలోనూ ఈ విభజన పనికొస్తుంది. 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైట్ కార్యాలయం 'జర్యా ఆఫ్ ద డాన్' అనే బొమ్మల పుస్తకం మీద ఒక నిర్ణయం ఇచ్చింది. కథ రాసి, బొమ్మలను ఎంచి, వాటిని పేజీల్లో అమర్చిన పనికి రచయిత్రికి హక్కు దక్కింది. మిడ్‌జర్నీతో తీసిన బొమ్మలకు దక్కలేదు. అది అమెరికా సంగతి. అయినా తన స్కెచ్ ఏది, యంత్రం బొమ్మ ఏది అని ముందే రాసి పెట్టుకున్న విద్యార్థికి, రేపు ఉద్యోగంలో చేరినా సొంత లేబుల్ పెట్టినా ఆ కాగితం అక్కరకొస్తుంది.

జ్యూరీకి సిద్ధమవుతున్నవాళ్లు చేయాల్సింది ఎక్కువేమీ లేదు. ముందు తమ కాలేజీ నిబంధనలు ఏమంటున్నాయో కనుక్కోవాలి. కొన్ని అసైన్‌మెంట్లలో ఏఐ పూర్తిగా నిషిద్ధం కావచ్చు, అక్కడ ఏ నోటూ కాపాడదు. స్నేహితురాలి ఫొటోను మోడల్‌గా ఇచ్చేముందు ఆమె అనుమతి తీసుకోవాలి. పేరున్న డిజైనర్ శైలిలో కావాలని ప్రాంప్ట్ రాసి ఉంటే ఆ సంగతీ దాచకూడదు. నోట్ ఒక పేజీ దాటకుండా రాసి, పోర్ట్‌ఫోలియో చివర్లో కాకుండా విషయసూచిక వెంటనే పెట్టాలి. ప్రతి మాకప్ కింద ఉండే లేబుల్‌ను మిగతా వివరాలు రాసిన అక్షరాల సైజులోనే వెయ్యాలి.