గ్యాస్ బండ, ఇండక్షన్ పొయ్యి: జహీరాబాద్ వంటింట్లో పూటకయ్యే శక్తి, వ్యయం – ఒక పరిశీలన

కీలక పదాలు: గ్యాస్ సిలిండర్, ఇండక్షన్ పొయ్యి, ఉష్ణ సామర్థ్యం, యూనిట్, గృహజ్యోతి, మహాలక్ష్మి, జొన్న రొట్టె

1. ప్రవేశిక

'గ్యాస్ మేలా, కరెంటు పొయ్యి మేలా?' అనే ప్రశ్నకు ఒకే సమాధానం ఉండదు. వంట ఖర్చు పొయ్యి మీద మాత్రమే ఆధారపడదు. ఆ ఇంటి విద్యుత్ వినియోగం ఏ శ్రేణిలో ఉంది, సిలిండర్ ఏ ధరకు వస్తోంది, పొయ్యి మీద ఏమి వండుతున్నారు అనే మూడు అంశాలు కలిసి దానిని నిర్ణయిస్తాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో మొదలైన రెండు ప్రభుత్వ పథకాలు ఈ లెక్కను మరింత మలుపు తిప్పాయి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌ను ఉదాహరణగా తీసుకొని, నలుగురున్న ఒక కుటుంబం ఒక పూట వంటకు ఎంత శక్తి వాడుతుందో, దానికెంత ఖర్చవుతుందో ఈ వ్యాసంలో పరిశీలిస్తాను. జహీరాబాద్‌ను ఎంచుకోవడానికి కారణం జొన్న రొట్టె. ఇండక్షన్ పొయ్యి హద్దు ఎక్కడుందో అది స్పష్టంగా చూపిస్తుంది.

ముందుగా మాట గురించి ఒక చిన్న గమనిక. సిలిండర్‌ను మనవాళ్లు 'బండ' అంటారు. ఆ పేరు దాని బరువును గుర్తుచేస్తుంది. 'కరెంటు పొయ్యి' అన్న మాట మాత్రం గందరగోళానికి తావిస్తోంది. ఎర్రగా కాలే తీగచుట్టల పాత పొయ్యినీ, ఏ పాత్రనైనా వేడిచేసే ఇన్‌ఫ్రారెడ్ పొయ్యినీ, ఇండక్షన్ పొయ్యినీ ఈ ఒక్క పేరుతోనే పిలుస్తున్నారు. మొదటి రెండింటిలో ముందు పొయ్యి వేడెక్కి, ఆ తరువాత పాత్ర వేడెక్కుతుంది. ఇండక్షన్‌లో గాజుపలక కింద ఉన్న రాగి చుట్ట వేగంగా మారే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది, ఆ క్షేత్రం పాత్ర అడుగులోనే వేడిని పుట్టిస్తుంది. ఈ వ్యాసంలోని లెక్కలు ఇండక్షన్‌కే వర్తిస్తాయి.

2. బండలో ఎన్ని యూనిట్లున్నాయి?

రెండు ఇంధనాలను పోల్చాలంటే రెండింటినీ ఒకే కొలమానంలోకి తేవాలి. విద్యుత్ బిల్లులో కనిపించే యూనిట్, అంటే ఒక కిలోవాట్-గంట, అందుకు అనుకూలం. వంటగ్యాస్ ఒక కిలో పూర్తిగా మండితే సుమారు 12.7 యూనిట్ల ఉష్ణం వస్తుంది. గృహావసర సిలిండర్‌లో 14.2 కిలోల వాయువు ఉంటుంది కాబట్టి ఒక బండలో దాదాపు 180 యూనిట్ల శక్తి ఉన్నట్లు లెక్క.

అయితే ఆ శక్తి అంతా గిన్నెలోకి చేరదు. మంటనుంచి వచ్చే వేడిగాలి పాత్ర పక్కలనుంచి పైకి పోతుంది. గృహావసర గ్యాస్ పొయ్యికి భారతీయ ప్రమాణం నిర్దేశించిన కనీస ఉష్ణ సామర్థ్యం 68 శాతం. అది తగిన పరిమాణంగల పాత్రతో, ప్రయోగశాలలో కొలిచిన అంకె. చిన్న గిన్నె కింద పెద్ద మంట, మసి పట్టిన బర్నర్, కిటికీనుంచి వీచే గాలి ఉన్న వంటింట్లో 60 శాతం అనుకోవడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. అప్పుడు బండనుంచి వంటకు చేరేది 108 యూనిట్లు. ఇండక్షన్ సామర్థ్యం సుమారు 85 శాతం. కాబట్టి అదే 108 యూనిట్ల వేడిని ఇండక్షన్ ద్వారా పొందాలంటే మీటరులో 127 యూనిట్లు తిరగాలి.

ఈ 127 అనే అంకె చాలా ఉపయోగపడుతుంది. సిలిండర్ ధరను దీనితో భాగిస్తే రెండు పొయ్యిల ఖర్చు సమానమయ్యే విద్యుత్ ధర తేలుతుంది. 2025 ఏప్రిల్ పెంపుతో హైదరాబాద్‌లో సిలిండర్ ధర 905 రూపాయలైంది. ఊరినిబట్టి రవాణా ఖర్చుతో కొన్ని రూపాయలు మారవచ్చు. ఆ ధర ప్రకారం యూనిట్ ఏడు రూపాయల పది పైసలకన్నా తక్కువకు దొరికితే ఇండక్షన్ చౌక, ఎక్కువైతే గ్యాస్ చౌక. మహాలక్ష్మి పథకం కింద సిలిండర్‌ను 500 రూపాయలకు పొందే ఇంటికి ఈ సరిహద్దు మూడు రూపాయల తొంభై పైసలకు దిగుతుంది. సిలిండర్ ధర మారినప్పుడు పాఠకులు ఇదే భాగహారాన్ని మళ్లీ చేసుకోవచ్చు.

3. ఒక పూట వంట

నలుగురికి అర కిలో బియ్యం, రెండు వందల గ్రాముల కందిపప్పు, ఒక కూర, ఎనిమిది జొన్న రొట్టెలు అనుకుందాం. అన్నానికి, పప్పుకు కుక్కర్ వాడతారు. ఒక లీటరు నీటిని 25 డిగ్రీలనుంచి మరిగించడానికి 0.087 యూనిట్ కావాలి. ఈ ఆధారంతో నీరు, గింజలు, కుక్కర్ లోహం వేడెక్కడానికీ, ఆవిరిగా పోయేదానికీ కలిపి లెక్కిస్తే అన్నానికి సుమారు 0.20, పప్పుకు 0.12, కూరకూ పోపుకూ 0.13 యూనిట్ల వేడి అవసరమవుతుంది. మొత్తం 0.45 యూనిట్.

దీనికి గ్యాస్ పొయ్యి మీద 59 గ్రాముల వాయువు కావాలి. 905 రూపాయల ధరన అది మూడు రూపాయల డెబ్బై ఐదు పైసలు, 500 ధరన రెండు రూపాయలు. ఇండక్షన్ మీద 0.53 యూనిట్. నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య వాడే ఇంటికి, ఆ శ్రేణిలోని 4.80 రూపాయల ధరన రెండున్నర రూపాయలు. 200 దాటిన ఇంటికి 7.70 ధరన నాలుగు రూపాయలకు పైమాటే.

రొట్టెల దగ్గర లెక్క స్వభావమే మారిపోతుంది. ఇక్కడ వేడి ఎక్కువ భాగం పిండికి చేరదు. అరగంటసేపు కాలుతూ ఉండే పెనంనుంచి గాలిలోకి పోతుంది. మధ్యస్థ మంట గంటకు వంద గ్రాముల వాయువు తీసుకుంటుందనుకుంటే అరగంటకు 50 గ్రాములు. ఇండక్షన్‌ను వెయ్యి వాట్ల వద్ద అరగంట ఉంచితే అర యూనిట్. అంటే ఎనిమిది రొట్టెలకయ్యే ఇంధనం అన్నం, పప్పు, కూరలకు కలిపి అయ్యేదానికి దాదాపు సమానం. రొట్టెలతో కలిపి పూటకు గ్యాస్ 109 గ్రాములు, ఇండక్షన్ అయితే 1.03 యూనిట్లు. రోజుకు రెండు పూటలా ఇలాగే వండితే బండ 65 రోజులు రావాలి. చాయ, పాలు, స్నానపు నీళ్లు కలిపితే అది నెలన్నరకు తగ్గుతుంది. ఇళ్లలోని అనుభవం కూడా దాదాపు ఇంతే కాబట్టి లెక్క దారి తప్పలేదనుకోవచ్చు.

4. జొన్న రొట్టె పెట్టే పరీక్ష

జహీరాబాద్ పక్కనే ఉన్న పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దశాబ్దాలుగా చిరుధాన్యాల సాగుపై పనిచేస్తోంది. ఈ ప్రాంతపు తిండిలో జొన్నకున్న స్థానం అందరికీ తెలిసిందే. జొన్నపిండిలో జిగురు ఉండదు. అందుకే వేడినీళ్లతో కలిపి, చేత్తో తట్టి, పళ్లెమంత వెడల్పుగా చేస్తారు. పెనం మీద వేశాక పైన నీళ్లు పూసి, తిప్పి, చివరకు నేరుగా మంటకు చూపితే పొంగుతుంది. ఇండక్షన్‌కు మంట లేదు. పైగా దాని చుట్ట వ్యాసం సాధారణంగా ఒక జానకు మించదు. పెనం ఎంత పెద్దదైనా చుట్టకు పైనున్న భాగమే బాగా కాలుతుంది. నడుమ మాడి, అంచులు పచ్చిగా ఉండే రొట్టెకు కారణం ఇదే. అడుగు కాస్త వంగిన పాత ఇనుప పెనమైతే గాజుపలకకు దూరమై, పొయ్యి దానిని గుర్తించకుండా కూత పెట్టి ఆగిపోతుంది. దళసరిగా, చదునుగా ఉన్న ఇనుప పెనంతో చిన్న రొట్టెలు చేయవచ్చుగాని, అవి ఇక్కడివాళ్లు రొట్టె అని ఒప్పుకొనేవి కావు.

అల్యూమినియం కుక్కర్‌తోనూ ఇబ్బంది ఉంది. అయస్కాంతం అడుగుకు గట్టిగా అతుక్కుంటేనే ఆ పాత్ర పనికొస్తుంది. ఇండక్షన్ అడుగున్న కుక్కర్ కొత్తగా కొనాలంటే ఆ ఖర్చునూ లెక్కలో చేర్చాలి. రెండు వేల వాట్ల పొయ్యి దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. దానిని ఫ్యాన్లకూ టీవీకీ ఉద్దేశించిన చిన్న సాకెట్‌లో పెట్టకూడదు. ప్లగ్గు తాకితే వేడిగా ఉండడం, ప్లాస్టిక్ పసుపురంగుకు తిరగడం ప్రమాదానికి తొలి గుర్తులు.

5. రెండు వందల గీత

గృహజ్యోతి పథకం ప్రకారం అర్హతగల కుటుంబం నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. అంతేకాదు, 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచీ వేరే ధరల పట్టిక వర్తిస్తుంది: మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, ఆపైన 7.70 చొప్పున. అందుచేత ఇండక్షన్ విషయంలో యూనిట్ ధరకన్నా ఈ గీతకు ఎంత దూరంలో ఉన్నామన్నదే ముఖ్యం.

రెండు పూటల వంటంతా, రొట్టెలతో సహా, ఇండక్షన్ మీదికి మార్చితే నెలకు 62 యూనిట్లు పెరుగుతాయి. అప్పటివరకు 110 యూనిట్లు వాడే ఇల్లు 172కు చేరుతుంది. బిల్లు సున్నాగానే ఉంటుంది, నెలకు ఆరున్నర కిలోల గ్యాస్ మిగులుతుంది. కూలరు నడిచే వేసవిలో 150 వాడే ఇల్లు 212కు చేరుతుంది. అప్పుడు స్థిరచార్జీలు కాక 1,112 రూపాయల బిల్లు వస్తుంది. ఆదా అయిన గ్యాస్ విలువ 500 రూపాయల సిలిండర్ లెక్కన 230 మాత్రమే. అదే ఇల్లు అన్నం, పప్పు, కూరలను మాత్రమే ఇండక్షన్‌కు మార్చి రొట్టెలను గ్యాస్ మీద ఉంచితే పెరిగేది 32 యూనిట్లు. మొత్తం 182, బిల్లు సున్నా, మూడున్నర కిలోల గ్యాస్ మిగులు. రొట్టె రుచి కోరినదీ, మీటరు కోరినదీ ఇక్కడ ఒకటే కావడం యాదృచ్ఛికం, కానీ అనుకూలమైన యాదృచ్ఛికం.

మహాలక్ష్మిలో మరొక మెలిక ఉంది. లబ్ధిదారు ముందుగా పూర్తి ధర చెల్లిస్తాడు, రాయితీ తరువాత బ్యాంకు ఖాతాలో జమవుతుంది. రాయితీ సిలిండర్ల సంఖ్యను గత మూడేళ్ల సగటు వాడకాన్నిబట్టి నిర్ణయిస్తారు. కాబట్టి ఇండక్షన్ వల్ల తగ్గే సిలిండర్ ఆ సంఖ్యకు మించినదైతే మిగిలేది 905 రూపాయలు, లోపలిదైతే 500 మాత్రమే. రేషన్ కార్డు లేని అధ్యాపక కుటుంబానికి రెండు పథకాలూ వర్తించవు. వారికి 200 లోపు ఇండక్షన్ చౌక. కానీ 200 నుంచి 201కి వెళ్లిన నెలలో బిల్లు ఒక్కసారిగా 208 రూపాయలు పెరుగుతుంది.

6. ఇంట్లోనే కొలవడం

ఈ అంకెలను నమ్మవలసిన పనిలేదు, సరిచూడవచ్చు. బండ మెడమీద ఖాళీ బరువు ముద్రించి ఉంటుంది. వారం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తూచితే ఎంత వాయువు ఖర్చయిందో తెలుస్తుంది. విద్యుత్ మీటరు మీద 3200 imp/kWh వంటి అంకె ఉంటుంది, అంటే ఎర్రదీపం 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. ఇంట్లో మిగతావన్నీ ఆపి, మూత పెట్టిన గిన్నెలో లీటరు నీళ్లు ఇండక్షన్ మీద మరిగిస్తూ ఆ వెలుగులను లెక్కించాలి. సుమారు 330 దగ్గర నీళ్లు మరిగితే పొయ్యి, పాత్ర రెండూ సరైనవే. 450 దాటితే పాత్ర అడుగు సరిపోవడం లేదని అర్థం. అప్పుడు ముందుగా మార్చవలసినది గిన్నె.